సదరు ఉద్యోగి ఎవరు?

మన కళాశాలలో చదివి, ఇప్పుడు హైదరాబాదు పొలిమేరలోని ఒక మందుల కర్మాగారంలో సిబ్బంది వ్యవహారాలు చూస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఆ మధ్య ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. అతని చేతిలో యాజమాన్యం జారీచేసిన ప్రకటన ఒకటి ఉంది. దానిని ఉద్యోగుల వాట్సాప్ బృందంలో పెట్టడానికి వీలుగా, నాలుగు స్నేహపూర్వకమైన మాటల్లోకి మార్చవలసిన పని అతనికి అప్పగించారట. "సార్, ఇది తెలుగే గానీ మా వాళ్ళెవరూ చదవరు" అన్నాడు. చదివి చూస్తే అతని మాట నిజమే అనిపించింది.

ఆ ప్రకటన ఇలా ఉంది: "ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ మార్గదర్శకాల ననుసరించి, పెక్కుమంది సభ్యులు తమ ఇ-నామినేషన్‌ను ఇంతవరకు దాఖలు పరచలేదని యాజమాన్యం దృష్టికి వచ్చినది. కావున ఇందుమూలముగా సమస్త ఉద్యోగులకు తెలియజేయునదేమనగా, సదరు ప్రక్రియను ఈ నెల 25వ తేదీలోగా సభ్యుల పోర్టల్ ద్వారా విధిగా పూర్తి చేయవలెను. తత్సంబంధమైన వైఫల్యమునకు యాజమాన్యము బాధ్యత వహించజాలదు."

ఇందులో తప్పేమీ లేదు. వ్యాకరణం సరిగానే ఉంది, తేదీ ఉంది. లేనిది చదువరి ఒక్కడే. ఈ వాక్యాలు రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి, ఫైలులో భద్రపరచడానికి రాసినవి. ఆ అవసరం కూడా నిజమైనదే కనుక దానిని నేను ఎగతాళి చేయను. కానీ రాత్రి డ్యూటీ దిగి బస్సులో కూర్చుని ఫోను తెరిచే మనిషికి "సదరు ప్రక్రియ" అంటే ఏమిటో, అది చేయకపోతే తన ఇంటికి వచ్చే నష్టమేమిటో ఈ ప్రకటన చెప్పదు.

ఆ నష్టమేమిటో నా విద్యార్థికి బాగా తెలుసు. వారి కర్మాగారంలోనే ఒక కార్మికుడు చనిపోయాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెళ్లికి ముందు, అతడు తల్లి పేరు రాసి ఇచ్చాడు. పెళ్లయిన తరువాత మళ్ళీ రాయాలని అతనికి ఎవరూ చెప్పలేదు. తల్లి అతనికంటే ముందే కాలం చేసింది. భార్య చంటిబిడ్డను ఎత్తుకొని కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ నెలల తరబడి తిరిగింది. భవిష్య నిధి సొమ్ముతో పాటు ఉద్యోగికి ఉండే బీమా, 2021 తరువాత గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు రావడానికి వీలున్నది, అది కూడా అంతకాలమూ ఆగిపోయింది. ప్రకటన దాచిపెట్టిన సంగతి ఇదే.

అతడు తయారు చేసుకొచ్చిన మొదటి ప్రతి ఇది: "హాయ్ ఫ్రెండ్స్! మీ పీఎఫ్ డబ్బు భద్రంగా ఉందా? రెండే నిమిషాల పని! ఈ లింకు నొక్కండి, నిశ్చింతగా ఉండండి!" దీని వెనుక అరడజను నవ్వు బొమ్మలు.

నాకు ఇది పాత ప్రకటనకంటే ప్రమాదకరంగా కనిపించింది. మొదటిది, మోసగాళ్ళు పంపే సందేశాలు సరిగ్గా ఈ ధోరణిలోనే ఉంటాయి: ముందు డబ్బు గురించి భయం, తరువాత తొందర, ఆ వెంటనే ఒక లింకు. అలాంటివి నొక్కవద్దని ఒక వారం చెప్పి, మరుసటి వారం మనమే పంపితే కార్మికుడు దేనిని నమ్మాలి? రెండవది, ఇది రెండు నిమిషాల పని కాదు. సభ్యుని ఫోటో, ఇంటివారి ఆధార్ సంఖ్యలు, వారి ఫోటోలు, పుట్టిన తేదీలు దగ్గర పెట్టుకోవాలి. ఆధార్‌కు కలిపిన ఫోను చేతిలో ఉండాలి. రెండు నిమిషాలని నమ్మి కూర్చున్నవాడు పదో నిమిషాన విసిగి లేచిపోతాడు. ఇక "25లోగా" అన్నది ఎక్కడో జారిపోయింది. ప్రకటనలో సరిగా ఉన్న ఒక్క ముక్కనూ పోగొట్టుకున్నాం.

అన్నిటికంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ఈ పనిలో వివరాలన్నీ నింపి Save నొక్కితే పని అయిపోయిందనుకొని ఆపేసేవారు చాలామంది. చివర e-Sign నొక్కి, ఆధార్ ఫోనుకు వచ్చే ఓటీపీ ఇస్తేనే నామినేషన్ పూర్తవుతుంది. లేకుంటే అది సంతకం లేని చెక్కు వంటిది. అసలు ప్రకటన ఈ మాట చెప్పలేదు, సరదా ప్రతీ చెప్పలేదు. భాషను తేలిక చేయడమంటే వాక్యాలు కుదించడం మాత్రమే అనుకుంటే ఇలాగే అవుతుంది. మనిషి ఎక్కడ ఆగిపోతాడో ముందుగా తెలుసుకొని ఆ చోట చేయి పట్టుకోవడాన్నే నేను స్నేహం అంటాను.

చావు ప్రస్తావన ఎలా తేవాలన్నది మా ఇద్దరినీ చాలాసేపు ఆపింది. "అశుభం సార్, తిట్టుకుంటారు" అన్నాడతను. కానీ ఆ మాట లేకపోతే మొత్తం సందేశానికే అర్థం లేదు. మన ఇళ్ళలో పెద్దలు దీనికి ఎప్పుడో దారి చూపించారు. "జరగరానిది జరిగితే" అంటారు. ఆ మాట వేసిన వాక్యం పక్కన నవ్వు బొమ్మ నిలవదు కనుక బొమ్మలన్నీ వాటంతటవే పోయాయి.

చివరికి మేము నిలబెట్టుకున్న పాఠం ఇది:

"జరగరానిది జరిగితే మీ పీఎఫ్ డబ్బు ఎవరికి అందాలో రాసిపెట్టారా? పెళ్లికి ముందు రాసినవారు మళ్ళీ రాయాలి. గడువు ఈ నెల 25. మీ ఫోటో, ఇంటివారి ఆధార్, ఫోటోలు, ఆధార్‌కు కలిపిన ఫోను దగ్గర పెట్టుకోండి. Save నొక్కితే పని కాలేదు, e-Sign అయితేనే అయినట్టు. సొంతంగా చేయలేకపోతే మంగళ, గురువారాల్లో భోజన విరామ సమయంలో మా గదికి రండి, పక్కన కూర్చుని చేయిస్తాం. ఓటీపీ మాత్రం మీరే కొట్టండి, మాకు కూడా చెప్పవద్దు."

లింకు పెట్టలేదు. మూల ప్రకటన సంఖ్య, తేదీ అడుగున ఇచ్చాము. ఆ ప్రకటన నోటీసు బోర్డు మీద ఉండనే ఉంటుంది, ఫైలుకు కావలసింది అదే.

పంపే ముందు ఒక పరీక్ష చేయమన్నాను. బాయిలరు దగ్గర పనిచేసే ఒకాయనకు ఒకసారి చదవడానికిచ్చి, ఫోను వెనక్కు తీసుకొని, "రేపు మీరు ఏం చేస్తారు?" అని అడగమన్నాను. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తల ఊపుతారు, దానివల్ల మనకు తెలిసేదేమీ లేదు. ఆ సరదా ప్రతిని చదివినాయన "పీఎఫ్ డబ్బు తీసుకోమంటున్నారా?" అన్నాడట. కొత్తది చదివినాయన "ఇంటికి పోయి మా ఆమె ఆధార్ వెతకాలి" అన్నాడు. అక్కడ తెలుగు చదవలేని ఉర్దూవారు కొందరున్నారు కాబట్టి, అదే సందేశాన్ని వారి మాటలో చదివి, గొంతు రికార్డు చేసి పంపమని కూడా చెప్పాను. అనువాదం చేయించి కాదు, వారిలో ఒకరికి విషయం చెప్పి, ఇంట్లో చెప్పినట్టు చెప్పమని.

సందేశం వెళ్ళిన రాత్రి మొదటి ప్రశ్న వచ్చింది: "నా ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పీఎఫ్‌లో ఒకలా ఉంది, ఏం చేయాలి?" నా విద్యార్థి మరునాడు నాకు ఫోను చేసి, రెండో సందేశం దీని మీద రాస్తున్నానన్నాడు.