శ్లాబు రేటుకు తారీఖు ఉందా?

కాలనీలో కమ్యూనిటీ హాలు కట్టాలని కమిటీ కూర్చుంటే మొదట వచ్చే ప్రశ్న "చదరపు అడుక్కి ఎంత?" అనేదే. ఒకాయన మూడు వేలంటాడు, ఇంకొకాయన తన బావమరిది ఇల్లు 2,200కే అయిపోయిందంటాడు, చివరికి 2,500 దగ్గర ఆగుతారు. 12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉన్న హాలు 1,162 చదరపు అడుగులు. గుణిస్తే 29 లక్షలు. ఇంటికింతని చందా దాన్నిబట్టే వేస్తారు.

ఈ 29 లక్షలు తప్పని నేననను. ఇంజనీరు చేత పరిమాణాలు తీయించి, రేట్లు కట్టించి చూసినా 30 లక్షలు రావచ్చు. మరి అంత శ్రమ ఎందుకంటారా? పని మధ్యలో ఏదైనా మారినప్పుడు చదరపు అడుగు లెక్క నోరు విప్పదు. సిమెంటు పెరిగితే ఎంత పెరగాలి, శ్లాబు మందం తగ్గిస్తే ఎంత మిగలాలి, బిల్లులో రాసిన కాంక్రీటు నిజంగా పోశారా అని అడిగితే దాని దగ్గర జవాబు ఉండదు. ఆ జవాబులు ఎక్కడుంటాయో ఒక్క శ్లాబు తీసుకుని చూద్దాం.

హాలు శ్లాబు మందం 125 మిల్లీమీటర్లు. పన్నెండు, తొమ్మిది, 0.125 గుణిస్తే 13.5 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. కింద మూడేసి మీటర్లకు ఒకటి చొప్పున ఐదు అడ్డ బీములు. ఒక్కోటి 9 మీటర్ల పొడవు, 300 మిల్లీమీటర్ల వెడల్పు. డ్రాయింగులో లోతు 725 అని ఉంటుంది. పొరపాటు సరిగ్గా ఇక్కడే దూరుతుంది. ఆ 725లో పైన 125 శ్లాబుదే, దాన్ని ముందే లెక్కపెట్టేశాం. బీముకు మిగిలేది 600. అలా తీస్తే ఒక్కో బీముకు 1.62, ఐదింటికి 8.1 క్యూబిక్ మీటర్లు. శ్లాబుతో కలిపి 21.6. పూర్తి లోతు వేసినవాడికి 23.3 వస్తుంది. తేడా 1.7 క్యూబిక్ మీటర్లే అయినా, ఎక్కడా లేని కాంక్రీటుకు డబ్బు కట్టినట్టే. బీములూ స్తంభాలూ గోడలూ కలిసే ప్రతిచోటా ఈ రెండుసార్ల లెక్క పొంచి ఉంటుంది. ఎస్టిమేట్ చేతికొస్తే నేను మొదట చూసేది బీము లోతు గడినే.

ఇక రేటు. ఇంజనీర్లు దీన్ని డేటా అంటారు. ఒక క్యూబిక్ మీటరు పనికి ఏమేం పడుతుందో విడదీసి రాసే కాగితం అది. ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్ల ఎం20 కాంక్రీటు తీసుకుందాం. తడిపి పోశాక ఒక క్యూబిక్ మీటరు రావాలంటే పొడి సరుకు 1.54 క్యూబిక్ మీటర్లు కలపాలి, ఎందుకంటే ఇసుక కంకర సందుల్లోకి, సిమెంటు ఇసుక సందుల్లోకి సర్దుకుంటాయి. ఆ లెక్కన సిమెంటు సుమారు 8 బస్తాలు, ఇసుక 0.42, కంకర 0.84 క్యూబిక్ మీటర్లు. ఇక్కడ వేస్తున్న ధరలు ఉదాహరణకు అనుకున్నవి, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. బస్తా 350 చొప్పున సిమెంటు 2,800, ఇసుక 756, కంకర 1,176. సరుకు మొత్తం 4,732. తరుగు కింద 95, కూలి 1,300, మిక్సరూ వైబ్రేటరూ అద్దె 300. నీటికి ఒక శాతం, దానిపైన కాంట్రాక్టరు ఖర్చులూ లాభమూ కలిపి 15 శాతం. కేంద్ర ప్రజా పనుల శాఖ డేటా వేసే పద్ధతి ఇదే. అన్నీ కలిపితే క్యూబిక్ మీటరు 7,465 రూపాయలు. జీఎస్టీ వేరు.

ఇందులో ఇనుము లేదు, సెంట్రింగ్ లేదు. ఇనుమును కిలోల్లో, సెంట్రింగును చదరపు మీటర్లలో విడి పద్దులుగా రాస్తారు. మేస్త్రీ "కాంక్రీటు మీటరు పదహారు వేలు" అన్నప్పుడు అవి కూడా కలిపి చెబుతున్నాడేమో అడగాలి. అడక్కుండా 7,465 పక్కన పెట్టి దొంగ అనేస్తే పాపం అతని తప్పేమీ లేదు. ఇంకో షరతు కూడా ఉంది. ఇలా పాళ్లు చెప్పి కలపడాన్ని ఐఎస్ 456 ఎం20 వరకే ఒప్పుకుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అదే కోడ్ ఎం30 అడుగుతుంది. అప్పుడు మిక్స్ డిజైన్ చేయించాలి, ఈ ఎనిమిది బస్తాల డేటా అక్కడ చెల్లదు.

ఇసుక గురించి ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఉచిత ఇసుక విధానం ఉంది కదా, డేటాలో ఇసుకకు సున్నా వేయొచ్చుగా అని అడిగేవాళ్లు ఉన్నారు. ఇసుక ఉచితమే, దాన్ని తవ్వి లారీకెత్తి మీ వీధిలో పోయడం ఉచితం కాదు. ఎస్టిమేట్లలో దీనికి లీడ్ అని ప్రత్యేకంగా ఒక పట్టికే ఉంటుంది, ఏ సరుకు ఎన్ని కిలోమీటర్ల నుంచి వస్తుందో దాంట్లో రాస్తారు. రేవు పక్క ఊరికీ, రేవుకు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికీ ఒకే ఇసుక రేటు వేసి ఉంటే, ఆ డేటాను వేరే ఎస్టిమేట్ నుంచి ఎత్తి పెట్టారని అర్థం.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. ఇంత శ్రద్ధగా కట్టిన 7,465 కింద చాలా ఎస్టిమేట్లలో తారీఖు ఉండదు. రేటు ఏ నెల ధరలతో కట్టారో తెలియకపోతే పెరుగుదలకు ఎంత అట్టిపెట్టాలో ఎలా తెలుస్తుంది? చాలామంది చివర్లో "ధరల పెరుగుదల 10 శాతం" అని ఒక గీత గీసేస్తారు. ఎందుకు పది? ఎనిమిది ఎందుకు కాదు?

లెక్క కష్టమేమీ కాదు. ఈ నెల ధరలతో ఎస్టిమేట్ 30 లక్షలు. అనుమతులకూ టెండరుకూ నాలుగు నెలలు పడుతుంది. పని పన్నెండు నెలలు. డబ్బంతా మొదటి రోజే పోదు, చివరి రోజే పోదు. ఖర్చు మొత్తం పని నడిమధ్యలో జరిగినట్టు అనుకుంటే, అది ఇవాళ్టి నుంచి పదో నెల. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతాయనుకుంటే పది నెలలకు 5 శాతం, అంటే లక్షన్నర. పునాది పడినప్పటి నుంచి లెక్కపెట్టే పెద్దమనిషి టెండరు కాలాన్ని మరిచిపోయి 90 వేలే పెడతాడు. భయస్తుడు పదహారు నెలలకూ మొత్తం మీద వేసి 2 లక్షల 40 వేలు పెడతాడు. ఇద్దరిదీ తప్పే.

ఈ లెక్కలో ఇంకొకటి కూడా బయటపడుతుంది. కమిటీ ఒక నెల ఆలస్యం చేస్తే నడిమధ్య నెల కూడా ఒకటి జరుగుతుంది, 15 వేలు పెరుగుతాయి. శంకుస్థాపనకు మంత్రిగారి తారీఖు కోసం ఆరు నెలలు ఆగితే 90 వేలు. ఆ 90 వేలు ఏ పద్దులోనూ కనపడవు, తర్వాత మాత్రం కాంట్రాక్టరు మింగాడని అందరూ అనుకుంటారు.

ఈ సొమ్మును కంటింజెన్సీతో కలిపేయకూడదు. పునాది తవ్వితే అనుకున్న లోతులో గట్టి నేల దొరక్కపోవడం కంటింజెన్సీ పని. డ్రాయింగులో ఉన్న ఇనుమే, అదే కిలోలే, ధర మాత్రం పెరిగితే అది పెరుగుదల పద్దు. రెండూ ఒకే గోనెలో వేస్తే మొదట ఏది తినేసిందో తెలియదు.

కాంట్రాక్టు కాగితంలో ఏముందో కూడా చూడాలి. "రేట్లు స్థిరం, పెరుగుదల ఇవ్వబడదు" అని రాయిస్తే తెలివైన కాంట్రాక్టరు ఆ భయాన్ని తన రేటులోనే వేసుకుంటాడు. అప్పుడు కమిటీ మళ్లీ లక్షన్నర పక్కన పెట్టుకోనక్కర్లేదు. వేసుకోని కాంట్రాక్టరు సగంలో పని ఆపేస్తాడు. 2022 వేసవి నాటికి ఇనుము ధర ఎంతగా ఎగిరిందంటే, ఆ మే నెలలో కేంద్రం ఉక్కు ఎగుమతులపై సుంకం వేయాల్సి వచ్చింది. నవంబరులో దాన్ని తీసేసింది. అలాంటి ఏడాదిలో స్థిర రేటుకు ఒప్పుకున్నవాడి పరిస్థితి ఊహించండి. పెద్ద ప్రభుత్వ పనుల్లో టోకు ధరల సూచీకి ముడిపెట్టి, సిమెంటుకింత, ఇనుముకింత అని వాటాలు వేసి తేడా ఇస్తారు. సూచీ తగ్గితే బిల్లులో కోత కూడా పడుతుంది. చిన్న పనికి అంత తతంగం అక్కర్లేదు. ఇనుముకూ సిమెంటుకూ మూలధరలు ఒప్పందంలోనే రాసుకుని, వాటికి అటూ ఇటూ వచ్చే తేడాను ఆ నెల డీలరు బిల్లు చూసి సర్దుకోవచ్చు. ఆ షరతు లేని స్థిర రేటు కాగితం కమిటీకి ధైర్యమిస్తుందేమో గానీ రక్షణ ఇవ్వదు.

ఇక రిటెన్షన్. ప్రతి రన్నింగ్ బిల్లులోనూ 5 శాతం ఆపుతారనుకుందాం. పెరుగుదలతో కలిపి 31 లక్షల 50 వేల పనికి ఆగేది 1,57,500. పని పూర్తయ్యాక సగం, లోపాల బాధ్యత గడువు ముగిశాక మిగతా సగం ఇవ్వడం చాలామంది పాటించే పద్ధతి. కమిటీ ఖాతాలో ఆ డబ్బు కనపడుతూ ఉంటుంది గనక మిగులులా అనిపిస్తుంది. ప్రారంభోత్సవానికి షామియానాలు, ముందుభాగానికి గ్రానైటు అందులోంచే వస్తాయి. అది చేసిన పనికి కాంట్రాక్టరుకు ఇవ్వాల్సిన బాకీ. దాన్ని ఖర్చు చేసిన కమిటీ తర్వాత లేని లోపాలు వెతకడం మొదలుపెడుతుంది.

రిటెన్షన్ ఉచితం కూడా కాదు. డేటాలోని 15 శాతంలో సైటు ఖర్చులు పోగా మిగిలే లాభంలోంచి ఐదు శాతం ఆగిపోతే అతను అప్పు తేవాలి. పన్నెండు నెలల పని, పన్నెండు నెలల గడువు అయితే ఆ సొమ్ము సగటున ఏడాదిపాటు ఇరుక్కుంటుంది. 12 శాతం వడ్డీకి 18,900. అది టెండరు రేటులోకి వచ్చి కూర్చుంటుంది, కట్టేది మీరే. కాబట్టి ఇంకా ఎక్కువ ఆపితే ఇంకా క్షేమం అనుకోవడం సరికాదు. ఆపిన సొమ్ముకు ఒక పని ఉండాలి.

శ్లాబు విషయంలో ఆ పని వాన చూడటం. నవంబరు చివర్లో హాలు అప్పగించి ఆరు నెలల గడువు పెట్టుకున్నారనుకోండి, మే చివరికి అది అయిపోతుంది. ఆ ఆరు నెలల్లో శ్లాబు మీద నిలిచే వాన కురవడం అరుదు. జూన్, జులైలలో పైకప్పు చెమ్మగిల్లేసరికి డబ్బు ఇచ్చేసి ఉంటారు. పన్నెండు నెలలైతే అప్పగింత ఎప్పుడైనా సరే నైరుతి వానలూ, కోస్తాలో అయితే అక్టోబరు, నవంబరు వానలూ గడువులోనే పడతాయి. ఆ వానల్లో బీమూ శ్లాబూ కలిసే చోట, గోడ పైవరుస దగ్గర మరకలు చూసి, తారీఖు వేసి ఫొటోలు తీసి, కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. గడువు ముగిసే వారంలో నోటిమాటగా చెప్పే లోపానికి విలువ తక్కువ.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఏడాది తిరిగేసరికి కమిటీ మారిపోతుంది. కొత్తవాళ్లు "మేం ఇవ్వాల్సిందేమీ లేదు" అంటారు, నిజంగానే వాళ్ల ఖాతాలో ఏమీ ఉండదు. మిగిలిన 78,750ని వేరే ఖాతాలో వేసి, ఏ తారీఖున, ఎవరి తనిఖీ తర్వాత విడుదల చేయాలో తీర్మానంలో రాయించాలి. కాంట్రాక్టరు ఆ మొత్తానికి బ్యాంకు గ్యారంటీ ఇస్తానంటే తీసుకోవచ్చు, గ్యారంటీ గడువు మాత్రం లోపాల గడువు కంటే ఒకటి రెండు నెలలు ఎక్కువ ఉండేట్టు చూసుకోవాలి.