వరి వేయమన్నది ఎవరు?

యాసంగి వడ్లు కల్లాల్లో కుప్పలుగా మిగిలిపోయిన ప్రతిసారీ ఒకే ప్రశ్న వినబడుతుంది: ఎవరు వేయమన్నారు? గిరాకీ ఉన్న పంట వేసుకుంటే ఈ గొడవే ఉండదు కదా? అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లు చదువుకున్న పాఠం అలాంటిది. మార్కెట్ వ్యవస్థలో ఏం తయారవ్వాలో కొనేవాడు నిర్ణయిస్తాడు, ఆజ్ఞల వ్యవస్థలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది, మనలాంటి మిశ్రమ వ్యవస్థలో ఇద్దరూ కలిసి నిర్ణయిస్తారు కనుక రెండింట్లోని మంచీ మనకు దక్కుతుంది. ఇంటర్ పుస్తకంలోనూ ఇదే, పోటీ పరీక్షల గైడుల్లోనూ ఇదే.

ఆ పాఠంలో మూడో మాట తప్పు. మిశ్రమ వ్యవస్థలో నిర్ణయాన్ని ఎవరూ పంచుకోవడం లేదు. నిర్ణయం ఒకరి చేతిలో ఉంటోంది, నష్టం మరొకరి నెత్తిన పడుతోంది. ఎవరు నిర్ణయిస్తున్నారో తెలుసుకోవాలంటే వ్యవస్థ పేరు చూసి లాభం లేదు. సరుకు అమ్ముడుపోకపోతే ఎవరు మునుగుతారో చూడాలి.

మార్కెట్ సంగతి ముందు చూద్దాం. 2023 జులైలో మదనపల్లె యార్డులో టమాటా ధర కిలోకు 150 రూపాయలు దాటింది. సెప్టెంబరుకల్లా కర్నూలు జిల్లా రైతులు కొన్ని రూపాయలకు కూడా కొనేవాడు లేక పంటను రోడ్డు పక్కన పారబోశారు. ఈ రెండు నెలల్లో తినేవాళ్ల నోటి రుచి మారలేదు. జులైలో ధర చూసి నాటిన మొక్కలన్నీ ఒక్కసారిగా కాపుకొచ్చాయి, అంతే. కొనేవాడు నిర్ణయిస్తాడన్న మాట ఇక్కడ సగమే నిజం. అతను మాట్లాడేది పంట యార్డుకు వచ్చాక. నారు పోసే నాటికి రైతు ముందున్నది పాత ధర ఒక్కటే. ఆ తప్పుడు సమాచారంతోనే నిర్ణయం తీసుకున్నది రైతు, నష్టపోయిందీ రైతే. క్రూరమైన ఏర్పాటే, కానీ నిర్ణయించినవాడెవరో, మునిగినవాడెవరో వెతుక్కోనక్కర్లేదు.

ఆజ్ఞల వ్యవస్థకు రష్యాలోని ర్యజాన్ ప్రాంతంలో జరిగింది చాలు. మాంసం ఉత్పత్తిలో అమెరికాను దాటాలని క్రుశ్చేవ్ పట్టుబట్టిన రోజులవి. ర్యజాన్ పార్టీ కార్యదర్శి లారియోనోవ్ 1959లో ఒక్క ఏడాదిలో మూడు రెట్లు మాంసం ఇస్తానని మాటిచ్చాడు. ఇచ్చాడు కూడా, 1,50,000 టన్నులు. పాడి ఆవులను, చూడి పశువులను కోయించాడు. జనం ఇళ్లలోని పశువులను లాక్కున్నాడు. చాలక పక్క ప్రాంతాల్లో కొని తెచ్చి లెక్కలో కలిపాడు. పతకాలు వచ్చాయి. మరుసటి ఏడాది 1,80,000 టన్నులు ఇస్తానని చెప్పి 30,000 టన్నుల దగ్గర ఆగిపోయాడు, ఎందుకంటే ఇక కోయడానికి మంద లేదు. 1960లో అతను ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ మాంసం ఎవరికి కావాలో, ఆ తర్వాత పాలు ఎక్కడి నుంచి వస్తాయో అడిగే స్థానంలో ఎవరూ లేరు. అయితే అక్కడ కూడా సంఖ్య ఎవరు వేశారో ఊరందరికీ తెలుసు.

ఇప్పుడు మన వరికి వద్దాం. కాగితం మీద మన రైతు స్వేచ్ఛాజీవి. ఏ పంట వేయాలో ఏ చట్టమూ చెప్పదు. ఇరవైకి పైగా పంటలకు కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. కానీ ఊరి పక్కన కొనుగోలు కేంద్రం తెరిచి, తేమ 17 శాతం లోపుంటే చాలు, ఎంత తెచ్చినా కాంటా వేసేది తెలంగాణలో ముఖ్యంగా వడ్లకే. వేరుశనగకు ధర ప్రకటన ఉంటుంది, కొనే గ్యారంటీ ఉండదు. కొన్నా కొంత మేరకే. దానికి తోడు బోరుకు ఉచిత కరెంటు. రెండెకరాల రైతు తెచ్చిన అప్పు తీరాలంటే ఏ పంటకు మొగ్గుతాడు? అతని ముందు పేరుకు ఇరవై దార్లున్నా ఒకటే తెరిచి ఉంది. ఆ దారి తెరిచినవాడే పంటను నిర్ణయించినవాడు.

2021 యాసంగిలో ఏం జరిగిందో వివరంగా చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. వానాకాలపు వడ్లను మామూలుగా ఆడించి పచ్చి బియ్యం చేయొచ్చు. యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో కోతకొస్తాయి. గింజ లోపల నెర్రెలు పడతాయి, మర పట్టగానే గింజ విరిగి నూక అవుతుంది. అందుకే వాటిని ఉడకబెట్టి, ఎండబెట్టి, ఉప్పుడు బియ్యం చేస్తారు. ఉడికితే నెర్రె పూడి గింజ నిలుస్తుంది. ఏళ్ల తరబడి ఎఫ్‌సీఐ ఆ ఉప్పుడు బియ్యాన్ని తీసుకుంది, తీసుకుంటుందన్న నమ్మకంతోనే ఉడకబెట్టే మిల్లులు పెరిగాయి, దొడ్డు రకాల సాగు పెరిగింది. 2020-21 యాసంగిలో తెలంగాణలో వరి 50 లక్షల ఎకరాలు దాటింది. గమనించండి, ఇక్కడి జనం ఉప్పుడు బియ్యం తినరు. అది కేరళకో తమిళనాడుకో పోవాలి. ఇక్కడ తినేవాడెవడూ అడగని సరుకు, కొనే గోదాము అడిగింది కాబట్టి పండింది.

ఆ రాష్ట్రాలు తమ అవసరం తామే తీర్చుకోవడం మొదలుపెట్టాయి, గోదాముల్లో నిల్వలు పేరుకున్నాయి, కేంద్రం ఇక ఉప్పుడు బియ్యం తీసుకోబోమంది. ఇకపై ఇవ్వబోమని రాష్ట్రం రాసిచ్చింది. ఆ తర్వాత యాసంగిలో వరి వేయొద్దని రైతుకు చెప్పింది.

ఉప్పుడు బియ్యం వద్దన్న నిర్ణయం మిల్లులో ఎలా తేలుతుందో ఒక క్వింటాలుతో లెక్క వేద్దాం. క్వింటాలు వడ్లు తీసుకున్న మిల్లరు 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలి, అందులో నూక 25 శాతం దాటకూడదు. అంటే కనీసం 50 కిలోలు నిండు గింజ ఉండాలి. యాసంగి వడ్లలో నిండు గింజ 38 కిలోలే వచ్చిందనుకుందాం. దానికి అనుమతి ఉన్నంత నూక కలిపినా 51 కిలోలకు మించదు. 16 కిలోలు తరుగు. కిలో 30 రూపాయలు వేసుకున్నా క్వింటాలుకు 480 రూపాయల నష్టం, మిగిలిన నూకను అమ్ముకుంటే అందులో కొంత తిరిగొస్తుంది. ఈ నష్టం ఎవరు భరించాలో ఏ ఉత్తర్వులోనూ ముందే రాసి లేదు. రాసి లేనప్పుడు అది కిందికి జారుతుంది. ఐకేపీ కేంద్రంలో తూకం అయిపోయిన బస్తాను మిల్లు దగ్గర మళ్లీ చూసి, తాలు ఉంది, గింజ నల్లబడింది అంటూ బస్తాకు కిలో, రెండు కిలోలు కోస్తారు. లారీ దిగుమతి కాకుండా రెండు రోజులు మిల్లు ముందు నిలబడితే రైతు తానే తరుగుకు ఒప్పుకుంటాడు. వానొచ్చి కుప్ప మొలకెత్తుతుందేమోనన్న భయం అతనిది. ఢిల్లీలో తీసుకున్న ఒక నిర్ణయం ఖరీదు ఇలా మిల్లు కాంటా దగ్గర రైతు చెల్లిస్తాడు.

2022 యాసంగిలో సాగు దాదాపు 35 లక్షల ఎకరాలకు పడిపోయింది. ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి ఢిల్లీలో ధర్నా చేశారు, మరునాడు రాష్ట్రమే వడ్లు కొంటుందని ప్రకటించారు. వద్దన్న మాట నమ్మి బీడు పెట్టినవాడు ఆ పంట పోగొట్టుకున్నాడు. వినకుండా వేసినవాడికి మద్దతు ధర వచ్చింది. ప్రభుత్వం చెప్పిన మాట వింటే నష్టపోతామని ఒక తరం రైతులకు నేర్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ రైతులకు ఇదే మొదటిసారి కాదు. 2020 వానాకాలంలో నియంత్రిత సాగు పేరుతో మక్క వద్దని, సన్నాలు వేయమని రాష్ట్రం చెప్పింది, మాట వినకపోతే రైతుబంధు రాదని హెచ్చరించింది. సన్నాలకు ఖర్చు ఎక్కువ, తెగుళ్లెక్కువ, దిగుబడి తక్కువ. కానీ కేంద్రం ధరల పట్టికలో సన్నం, దొడ్డు అనే తేడా లేదు, ఆ ఏడాది గ్రేడ్-ఏ వడ్లకు క్వింటాలుకు 1,888 రూపాయలు, అంతే. వేయమన్నది ఒక ప్రభుత్వం, ధర నిర్ణయించేది మరో ప్రభుత్వం. కోతలకు వచ్చేసరికి రైతులు పంటకు నిప్పు పెట్టారు. డిసెంబరులో నియంత్రిత సాగును ప్రభుత్వమే ఎత్తేసింది.

దీనికి జవాబుగా మార్కెట్ వాదులు ఒక మాటంటారు: ప్రభుత్వం పూర్తిగా తప్పుకుంటే సరి. వాళ్లు మదనపల్లెను మళ్లీ చూడాలి. టమాటాకు మద్దతు ధర లేదు, ఎఫ్‌సీఐ లేదు, లెవీ లేదు. అక్కడ రైతు బాగుపడ్డాడా? ఏడాది పొడవునా దేశానికి కావలసిన తిండిగింజను ఆ జూదానికి వదిలేయమనడం బాధ్యత లేని మాట. కరోనా నెలల్లో రేషన్ కార్డు మీద బియ్యం ఇంటికి చేరిందంటే ఈ కొనుగోలు వల్లే. నేను కొనుగోలుకు వ్యతిరేకిని కాను. కొనేవాడు తాను నిర్ణేతనని ఒప్పుకోకుండా, నష్టం వచ్చినప్పుడు మాత్రం రైతు స్వేచ్ఛను గుర్తు చేయడానికి వ్యతిరేకిని.

రైతు వినడు, అలవాటు మానడు అన్నది కూడా అబద్ధమే. 2024 వానాకాలంలో సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తామన్నారు. ఏ హెచ్చరికా లేదు, ఏ ఆంక్షా లేదు, సన్నాల సాగు పెరిగింది. 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో ఇక్కడి జనం తినే సన్నబియ్యమే ఇస్తున్నారు. 2020లో బెదిరించినా నిలబడని పంట, ధరలో తేడా చూపించగానే నిలబడింది. ఆ 500 రూపాయలు ప్రకటించిన చేతిలోనే నిర్ణయం ఉంది.

అందుకే అడగవలసింది ఒకటే ఉంది. యాసంగి నారుమడి పడేది నవంబరులో. అక్టోబరు నాటికే కేంద్రం, రాష్ట్రం కలిసి ఏ రకం ఎన్ని టన్నులు కొంటాయో, పచ్చి బియ్యమా ఉప్పుడు బియ్యమా, నూక ఎక్కువైతే ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో రాతపూర్వకంగా ప్రకటించి పంచాయతీ గోడ మీద అంటించాలి. కంది, వేరుశనగ వేయమని చెబితే వాటికీ అదే కేంద్రం, అదే కాంటా తెరవాలి. ప్రకటించాక మాట మారిస్తే మార్చిన ప్రభుత్వమే ఎకరానికి ఇంతని కట్టాలి. ఆ కాగితం గోడ మీద లేనన్నాళ్లూ మిల్లు ముందు లారీలో నిద్రపోతున్న రైతును నువ్వెందుకు వేశావని అడిగే హక్కు పట్నంలో ఎవరికీ లేదు.