ఆన్సర్ దగ్గర కాదు, మొదటి తప్పు స్టెప్ దగ్గర ఆగండి



టెస్ట్ పేపర్ ఇంటికి వచ్చాక మీలో చాలామంది ముందు మార్కులు చూస్తారు, తర్వాత కీ, ఆపైన పిల్లల ఆన్సర్. రెండూ కలవకపోతే దానికి 'సిల్లీ మిస్టేక్' అని పేరు పెట్టి, అలాంటివే ఇంకో పది లెక్కలు చేయమంటారు. ఫిజిక్స్‌లో ఇది పనిచేయదని నా అభిప్రాయం. తప్పు ఎక్కడ మొదలైందో తెలియకుండా పది లెక్కలు చేస్తే, ఆ తప్పుకే పదిసార్లు ప్రాక్టీస్ అవుతుంది.

పదో తరగతి ఫౌండేషన్ పిల్లలు తరచుగా తడబడే లెక్క ఒకటి చూడండి. నేలకు 25 మీటర్ల ఎత్తున మేడ అంచు నుంచి బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. g విలువ 10 అనుకుంటే, బంతి ఎంతసేపటికి నేలను తాకుతుంది? కీలో 5 సెకన్లు. పిల్లవాడి పేపర్లో 3. అతను రాసింది ఇది:

s = ut + ½at²
25 = 20t − 5t²
t² − 4t + 5 = 0
t = (4 ± √(−4)) / 2
t = (4 ± 2) / 2
t = 3

లెక్కలు వచ్చిన ఎవరి కన్నైనా ముందు ఐదో లైన్ మీదే పడుతుంది. రూట్ కింద ఉన్న మైనస్‌ను వాడు మింగేశాడు! తప్పే, కాదనను. కానీ మొదటి తప్పు అది కాదు. ఆ మైనస్ అక్కడికి ఎలా వచ్చిందో చూడాలి.

క్లాసులో మేం చెప్పే వరస ఇలా ఉంటుంది. ముందు చిన్న బొమ్మ, అందులో బంతి బయలుదేరిన చోటు దగ్గర సున్నా, పక్కన 'పైకి ప్లస్' అని ఒక బాణం. తర్వాత s, u, a విలువలను గుర్తులతో సహా రాయాలి. ఆ తర్వాతే ఫార్ములా. పిల్లవాడి పేపర్లో బొమ్మా లేదు, బాణమూ లేదు. మొదటి లైన్ ఫార్ములా, అది సరైనదే. రెండో లైన్లో పైకి వెళ్లే 20ని ప్లస్‌గా, కిందికి లాగే gని మైనస్‌గా రాశాడు. అంటే పైకి ప్లస్ అనే ఒప్పుకున్నాడు. బంతి చివరికి చేరేది చేతికి 25 మీటర్ల కింద కాబట్టి s విలువ −25 కావాలి. వాడు 25 అని రాశాడు. పెన్సిల్ చుక్క పెట్టాల్సింది ఇక్కడే.

ఆ 25తో వాడు తెలియకుండా వేరే ప్రశ్న అడిగాడు: బంతి చేతికి 25 మీటర్ల పైన ఎప్పుడు ఉంటుంది? ఆ వేగంతో విసిరిన బంతి 20 మీటర్ల వరకే లేస్తుంది. అందుకే రూట్ కింద మైనస్ వచ్చింది. 'అంత ఎత్తుకు వెళ్లదు' అని సమీకరణమే చెప్పింది. దాన్ని లెక్కలో పొరపాటు అనుకుని వాడు మైనస్ తీసేశాడు. −25 పెట్టి చూడండి: t² − 4t − 5 = 0 వస్తుంది, దాని నుంచి t = 5. రెండో విలువ −1, అది విసరకముందు సమయం కాబట్టి వదిలేస్తాం.

ఫిజిక్స్ రాని తల్లిదండ్రులు కూడా 3 తప్పని పట్టుకోవచ్చు. సెకనుకు 10 చొప్పున వేగం తగ్గుతుంది కాబట్టి 20 పోవడానికి 2 సెకన్లు. తిరిగి చేతి ఎత్తుకు రావడానికి ఇంకో 2. అక్కడి నుంచి నేల ఇంకా 25 మీటర్ల కిందే ఉంది. అంటే ఆన్సర్ 4 కన్నా ఎక్కువ ఉండి తీరాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మీ అమ్మాయి నోట్సులో ఉన్నట్టు కాకుండా 25 = −20t + 5t² అని రాసిందనుకోండి. నోట్సుతో పోలిస్తే గుర్తులన్నీ తలకిందులుగా కనిపిస్తాయి, వెంటనే ఎర్ర పెన్ను తీస్తారు. తీయకండి. ఆమె కిందికి ప్లస్ అనుకుంది, మూడు గుర్తులూ దానికి తగ్గట్టే రాసింది, ఆన్సర్ 5 వస్తుంది. పైకి వెళ్లి తిరిగి చేతి ఎత్తుకు రావడానికి 4 సెకన్లు, అక్కడి నుంచి నేలకు 1 సెకను అని రెండు ముక్కలుగా చేసినా సరైనదే. నోట్సుతో పోల్చాల్సింది గుర్తులను కాదు. దిక్కు ఒకసారి అనుకున్నాక చివరిదాకా దాని మీదే ఉన్నారా అన్నది.

ఓఎంఆర్ టెస్టుల్లో ఇవేవీ కనిపించవు. 3కి బబుల్ నింపినవాడూ, గుడ్డిగా నింపినవాడూ అందులో ఒకటే. అందుకే రఫ్ షీట్లు చెత్తబుట్టలో వేయనివ్వకండి. పేపర్‌కు పిన్ చేసి ఇంటికి తెమ్మనండి. తప్పైన లెక్కను మళ్లీ చేయించే ముందు, 'ఏ లైన్ దాకా కరెక్టు?' అని పిల్లలనే అడగండి. మొదటి తప్పు లైన్ పక్కన వాళ్లనే చుక్క పెట్టనిచ్చి, ఆ షీట్‌ను వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు తీసుకురండి. నాలుగైదు షీట్లలో చుక్క గుర్తుల లైన్ దగ్గరే పడుతుంటే, ఆ పిల్లలతో కొన్నాళ్లు ఫార్ములా జోలికి పోకుండా బొమ్మా బాణమే వేయిస్తాను.