సాయంత్రపు ఏడుపుకు డబ్బా పాలు మందు కాదు

సాయంత్రం ఆరు గంటలయ్యేసరికి పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు "తల్లికి పాలు చాలడం లేదు" అని తీర్పు చెబుతారు. మరునాటికి డబ్బా పాలు ఇంటికి వస్తాయి. సాక్ష్యం చూడకుండా చెప్పే ఈ తీర్పు అన్యాయం.

ఒక ఉదాహరణ తీసుకోండి. పుట్టినప్పుడు 2.9 కిలోలున్న పాప ఆరు వారాలకు 4.1 కిలోలయింది. రోజుకు ఏడెనిమిదిసార్లు మూత్రం పోస్తున్నది. సాయంత్రం 6 నుంచి 9 వరకు మాత్రం ఎత్తుకున్నా ఏడుపు మానదు. పాలు చాలని బిడ్డ ఇలా బరువు పెరగదు. ఈ ఏడుపు రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరు వారాలప్పుడు తీవ్రమై, మూడు నాలుగు నెలలకు సాధారణంగా దానంతట అదే తగ్గిపోతుంది.

డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము చీకడం తగ్గిస్తుంది. చీకడం తగ్గితే పాలు ఊరడమూ తగ్గుతుంది. అప్పుడు ఆ తప్పుడు తీర్పే నిజమై కూర్చుంటుంది!

గదిలో వెలుగు, సందడి తగ్గించండి. బిడ్డను భుజాన వేసుకొని మెల్లగా నడవండి. కోరితే మళ్ళీ పాలివ్వండి. తల్లికి ఓపిక నశిస్తే మరొకరు అందుకోవాలి. ఎవరూ లేకుంటే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కొద్ది నిమిషాలు పక్కకు వెళ్ళవచ్చు. కోపంలో బిడ్డను కుదపడం మాత్రం ప్రాణాంతకం.

100.4 డిగ్రీలు లేదా అంతకు మించిన జ్వరం, ఆకుపచ్చని వాంతి, మలంలో రక్తం, పాలు తాగకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

అవేవీ లేకుంటే, తల్లిని నిందించే ముందు బిడ్డను తూకం వేయించండి.