అద్దె మీద టీడీఎస్ కోయలేదని నోటీసు వస్తే

ప్రశ్న: దుబాయ్ రాకముందు హైదరాబాద్‌లో నెలకు 60,000 అద్దెకు ఉన్నాం. 2023-24లో అద్దెకు హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు తీసుకున్నాను. ఇప్పుడు టీడీఎస్ ఎందుకు కోయలేదని నోటీసు వచ్చింది. ఇంటి ఓనర్ అక్కడే ఉంటారు. ఏమని జవాబు రాయాలి?

జవాబు: ముందు incometax.gov.in లో లాగిన్ అయి, ఆ నోటీసు మీ ఖాతాలో కనిపిస్తుందో లేదో చూడండి. ఈమెయిల్‌లో వచ్చిన లింకు నొక్కవద్దు.

నెల అద్దె 50,000 దాటితే, ఉద్యోగస్తులైనా సరే, అద్దెకున్నవాళ్లే పన్ను కోసి కట్టాలి. 2023-24లో ఇది సెక్షన్ 194-ఐబి. అప్పటి రేటు 5 శాతం. 2024 అక్టోబర్ 1 నుంచి 2 శాతం. నెలనెలా కాకుండా ఏడాది చివరి నెలలో, లేదా ఇల్లు ఖాళీ చేసే నెలలో, ఒక్కసారి కోస్తే చాలు. మీ ఏడాది అద్దె 7,20,000. అంటే 2024 మార్చిలో 36,000 కోసి, ఏప్రిల్ 30లోగా 26QC ఫారంతో కట్టి ఉండాల్సింది.

ఇక మీ జవాబు ఓనర్ గారి రిటర్న్ మీద ఆధారపడుతుంది. ఆయనకు ఫోన్ చేసి, ఆ అద్దె చూపించి పన్ను కట్టారా అని అడగండి. కట్టి ఉంటే ఆ 36,000 మీ దగ్గర మళ్లీ వసూలు చేయకూడదు. సెక్షన్ 201లో ఈ వెసులుబాటు ఉంది. దానికి ఆయన రిటర్న్ చూసి ఆడిటర్ ఇచ్చే 26A ఫారం సర్టిఫికెట్ కావాలి. వడ్డీ మాత్రం తప్పదు: ఆయన రిటర్న్ వేసిన తేదీ వరకు నెలకు 1 శాతం. జూలై 25న వేశారనుకుంటే, మార్చి నుంచి జూలై దాకా ఐదు నెలలకు 1,800. జవాబులో అద్దె ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంట్, 26A, వడ్డీ కట్టిన రసీదు జత చేసి, అద్దె ఎంతో, పన్ను ఎవరు కట్టారో నాలుగు వాక్యాల్లో రాయండి.

ఆయన చూపించకపోతే, లేదా సర్టిఫికెట్‌కు సహకరించకపోతే, 26QC వేసి 36,000 మీరే కట్టాలి. కట్టేరోజు వరకు వడ్డీ, రోజుకు 200 చొప్పున ఆలస్య రుసుము కూడా పడతాయి. ఆ రుసుము పన్ను మొత్తాన్ని, అంటే 36,000ను, మించదు. 180 రోజులకే అంత అవుతుంది కనుక, ఇప్పటికే పూర్తిగా పడి ఉంటుంది. కాబట్టి ఓనర్ గారిని బతిమాలైనా 26A తెచ్చుకోవడమే మేలు.

నోటీసు పోతుందని హెచ్‌ఆర్‌ఏ తగ్గించి చూపే ఆలోచన వద్దు. నిజంగా కట్టిన అద్దెను కట్టలేదని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

మన పాఠకుల్లో చాలామందికి అక్కడ ఫ్లాట్లున్నాయి. ఓనర్ ఎన్‌ఆర్‌ఐ అయితే ఈ 50,000 పరిమితి వర్తించదు; 2026 మార్చి వరకు అది సెక్షన్ 195 కిందకు వచ్చేది. మీరు ఎన్‌ఆర్‌ఐ అని మీ అద్దెవాళ్లకు ముందే చెప్పండి, ఇలాంటి నోటీసు వాళ్లకు రాకుండా.