ఎంత కొనాలన్నదే అసలు లెక్క

పత్తి సీజన్ మొదలైతే ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో అందరి నోటా ధర మాటే. సంక్రాంతి దాటాక పెరుగుతుందా, మిల్లులు ఎంతకు అడుగుతున్నాయి, సీసీఐ ఎప్పటిదాకా కొంటుంది? సరుకు ఆపుకొని వేసవిలో అమ్మే వ్యాపారికి ఇవన్నీ అవసరమైన ప్రశ్నలే. అయితే ఈ జిల్లాల్లో దివాలా తీసిన చాలామంది ధరను తప్పుగా ఊహించినందుకే చితికిపోలేదని నా అభిప్రాయం. ఊహ కొంత తప్పినా తట్టుకోగలిగేంత సరుకు మాత్రమే కొని ఉంటే వాళ్లు నిలబడేవారు. ఎంత కొనాలన్న ప్రశ్నకు గణితంలో ఒక జవాబుంది. ఆ జవాబును పూర్తిగా పాటించకూడదనడానికి కారణం కూడా ఆ గణితంలోనే ఉంది.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ఒక పరిశోధనా పత్రం రాశాడు. గెలిచే అవకాశం మనవైపు కొంచెం మొగ్గి ఉన్న పందేన్ని మళ్లీ మళ్లీ ఆడుతూ పోతే, ప్రతిసారీ ఉన్న డబ్బులో ఎంత వాటా పెడితే అది అన్నిటికన్నా వేగంగా పెరుగుతుందో అందులో తేల్చాడు. ఎడ్వర్డ్ థార్ప్ దాన్ని ముందు పేకాట బల్లల మీద, తర్వాత షేర్ మార్కెట్‌లో వాడి చూపించాడు. సూత్రం చిన్నదే:

f = p/a − q/b

p గెలిచే అవకాశం, q ఓడే అవకాశం. ఓడితే రూపాయికి పోయేది a, గెలిస్తే రూపాయికి వచ్చేది b. మన పెట్టుబడికి ఎన్ని రెట్లు పెట్టాలో f చెబుతుంది.

దీన్ని పత్తికి వేసి చూద్దాం. ఒక వ్యాపారి దగ్గర సొంతంగా 40 లక్షలు ఉన్నాయనుకుందాం. క్వింటాల్ 7,000కు కొని నాలుగు నెలలు ఆపుతాడు. పన్నెండు శాతం తేమతో కొన్న పత్తి ఎనిమిది శాతానికి ఎండితే క్వింటాల్‌కు నాలుగు కిలోలకు పైగా తరుగు పోతుంది. ఆ తరుగు, గోదాము ఖర్చు తీసేశాక వందకు 55 సార్లు 15 శాతం లాభం, 45 సార్లు 10 శాతం నష్టం వస్తాయని అతని నమ్మకం. సూత్రంలో వేస్తే 5.5లోంచి 3 పోగా 2.5 వస్తుంది. అంటే 40 లక్షలున్నవాడు ఇంకో 60 లక్షలు అప్పు తెచ్చి కోటి రూపాయల సరుకు కొనాలి. కెల్లీ సూత్రం జాగ్రత్త నేర్పుతుందని విన్నవాళ్లు ఈ జవాబు చూసి ఉలిక్కిపడతారు.

తప్పు సూత్రానిది కాదు. మనం దానికిచ్చిన అంకెలు అందుకు తగినవి కావు. నష్టం ఎప్పుడూ పది శాతం దగ్గరే ఆగుతుందని ఎవరు చెప్పారు? 2022లో పది వేలు దాటిన పత్తి ధర తర్వాతి సీజన్లలో ఏడు వేల దరికి దిగింది. మద్దతు ధర ఉంది కదా అంటే, సీసీఐ కొనేది రైతు దగ్గర. వ్యాపారి గోదాములోని సరుకుకు ఆ హామీ లేదు. అందుకే అంకెలను కొంచెం మారుద్దాం. వందకు 55 సార్లు లాభం అలాగే ఉండనిచ్చి, 40 సార్లు పది శాతం నష్టం, అయిదు సార్లు ముప్పై శాతం నష్టం అనుకుందాం. ఇరవై సీజన్లలో ఒక్క చెడ్డ సీజన్, అంతే. మళ్లీ లెక్క వేస్తే జవాబు 2.5 నుంచి దాదాపు 1.2కు, అంటే సగానికి పడిపోతుంది.

ఆ ఒక్క సీజన్‌ను లెక్కలోకి తీసుకోని వ్యాపారి ప్రతిసారీ తన డబ్బుకు రెండున్నర రెట్ల సరుకే కొంటూ పోతే ఏమవుతుంది? సగటున అతనికి ప్రతి సీజన్‌లోనూ లాభమే కనిపిస్తుంది: సరుకు మీద 2.75 శాతం, అంటే కోటికి రెండు లక్షల డెబ్బై అయిదు వేలు. అయినా దీర్ఘకాలంలో అతని డబ్బు సీజన్‌కు దాదాపు ఒక శాతం చొప్పున కరుగుతుంది. ముప్పై శాతం పడిన ఏడాది 40 లక్షల్లో 30 లక్షలు పోతాయి. మిగిలిన పది లక్షలు మళ్లీ 40 కావాలంటే నాలుగింతలు పెరగాలి. సరైన వాటాకు రెట్టింపు పెడితే పెరుగుదల ఇంచుమించు సున్నాకు చేరుతుంది, అది దాటితే తరుగుదలే. తక్కువ పెట్టినవాడికి మాత్రం శిక్ష చాలా తేలిక. కెల్లీ చెప్పిన దానిలో సగమే పెడితే పెరుగుదల వేగంలో నాలుగింట మూడు వంతులు దక్కుతాయి, ఒడుదొడుకులు సగానికి తగ్గుతాయి. పూర్తి కెల్లీతో ఆడేవాడి పెట్టుబడి ఎప్పుడో ఒకప్పుడు సగానికి పడే అవకాశం రెండింట ఒకటి. సగం కెల్లీతో అది ఎనిమిదింట ఒకటే. అనుభవమున్న ట్రేడర్లు సగమో పావో వాడేది ఇందుకే.

అసలు మనవాడి 55 ఎక్కడి నుంచి వచ్చింది? అది 45 అయితే, ముప్పై శాతం పడే సీజన్‌ను పక్కన పెట్టినా జవాబు 2.5 నుంచి 0.83కు జారుతుంది. 55కూ 45కూ తేడా అనుభవంతో తేల్చుకోవాలంటే దాదాపు వంద సీజన్లు చూడాలి. ఒక మనిషి జీవితంలో పత్తి సీజన్లు ముప్పై, మహా అయితే నలభై. కాబట్టి ఆ అంకె ఎంత అనుభవజ్ఞుడికైనా అంచనాయే. పైగా రైతులకిచ్చిన అడ్వాన్సులు, జిన్నింగ్ మిల్లులో వాటా, గోదాములో సరుకు అన్నీ ఒకే ధర మీద ఆధారపడతాయి. మూడు వ్యాపారాలున్నాయని అతను అనుకుంటాడు కానీ, ధర పడిన రోజు అవి మూడూ ఒక్క పందెమే అవుతాయి.

ఇక అప్పు. పై లెక్కల్లో దాని వడ్డీ కలపలేదు. మన దగ్గర నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ మామూలు మాట. నాలుగు నెలలకు ఎనిమిది రూపాయలు. అప్పు తెచ్చిన వంద రూపాయలపై లాభం 15 నుంచి ఏడుకు తగ్గుతుంది, నష్టం పది నుంచి 18కి పెరుగుతుంది. 55, 45 అవకాశాలతోనే సగటు తీస్తే 3 రూపాయల 85 పైసలు వచ్చే చోట 8 రూపాయల 10 పైసలు పోతాయి. సొంత డబ్బుకు లాభసాటి అయిన సరుకే అప్పు డబ్బుకు నష్టసాటి. ఈ వడ్డీకి తెచ్చిన రూపాయిని నిల్వ సరుకులో పెట్టడానికి ఏ కెల్లీ లెక్కా ఒప్పుకోదు.

ఇప్పుడు ఇదే తప్పు కరీంనగర్, మంచిర్యాల కుర్రాళ్ల ఫోన్లలో ఇంకా వేగంగా జరుగుతోంది. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ అధ్యయనం చెప్పింది. ఆ తర్వాత ఇండెక్స్ కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచారు. చిన్న మదుపరిని ఆపాలన్న ఉద్దేశం మంచిదే. కానీ రెండు లక్షలున్నవాడు ఒక్క ఫ్యూచర్స్ లాటు కొంటే తన డబ్బుకు ఏడున్నర రెట్లు పెట్టినట్టు. ఇండెక్స్ ఒక్క శాతం పడితే అతనికి ఏడున్నర శాతం పోతుంది. ఇండెక్స్ వడ్డీ కన్నా ఏటా అయిదు శాతం ఎక్కువ ఇస్తుందని, ఒడుదొడుకులు 15 శాతమని ఉదారంగా అనుకున్నా పూర్తి కెల్లీ జవాబు 2.2 రెట్లే. అతను ఒకే లాటుతో దానికి మూడింతలు దాటేశాడు. సగం కెల్లీ పాటించాలని అతను మనస్ఫూర్తిగా కోరుకున్నా సగం లాటు ఎవరూ అమ్మరు. సగం కెల్లీతో ఒక్క లాటు పట్టుకోవాలంటే చేతిలో దాదాపు 13.5 లక్షలుండాలి. అంత లేనివాడికి ఆ లాటు విషయంలో సూత్రం ఇచ్చే అంకె సున్నా.