మూడు చాలు, వాటిలో మొదటిది సబ్బు కాదు

ఈసారి కొంచెం కోపంగా రాస్తున్నాను. కోపం వచ్చినప్పుడు నాకు ఇంగ్లీషే ముందు వస్తుంది, చిన్నప్పటి బడి అలవాటు. అందుకే ఈ పోస్టు రెండుసార్లు రాశాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

మా అమ్మాయి వాళ్ళింట్లో నాలుగు నెలలు ఉందామని రియాద్ వచ్చాను. ఊరికి ఒక అంచున సులై అని ఒక ప్రాంతం ఉంది. ఎటు చూసినా గోదాములు, లారీలు, వాటి మధ్య పనివాళ్ళ గదులు. అక్కడి ఒక గోదాము నుంచి మా వీధి దుకాణానికి సరుకు తెచ్చే డ్రైవర్ తెలుగువాడు. మెట్‌పల్లి దగ్గరి పల్లె. డైనా నడుపుతాడు (ఇక్కడ చిన్న లారీని అందరూ అలాగే అంటారు). గుడిలో పులిహోర పొట్లాలు కడుతూ నేర్చుకున్న నా తెలుగు విని మొదటిరోజు నవ్వాడు. రెండో వారం నుంచి "అమ్మా" అని పలకరించడం మొదలుపెట్టాడు.

ఒకరోజు అడిగాడు. "అమ్మా, మీకు ఇంగ్లీష్ వస్తది గదా, గీ డబ్బాల మీద ఏం రాసిందో జర సూడుండ్రి." సంచిలో అయిదు డబ్బాలు. ఫేస్ వాష్, టోనర్, విటమిన్ సి సీరం, కళ్ళ కింద రాసే క్రీము, రాత్రి రాసే క్రీము. సెట్టు 240 రియాళ్ళు. ఆయన జీతం 1,800. "మంగు పోతదని ఇచ్చిండ్రమ్మా" అన్నాడు. మంగు అంటే చెంపల మీద వచ్చే నల్లటి మచ్చ అని నాకు ఆ రోజే తెలిసింది.

నా కోపం ఆ సెట్టు ధర మీద మాత్రమే కాదు. అయిదింటిలో ఆయనకు నిజంగా కావలసిన వస్తువు ఒక్కటీ లేదు. అదీ అసలు కోపం.

ఆయన ముఖం చూడండి అంటే ఎవరైనా మచ్చ చూస్తారు. నేను ఇంకొకటి గమనించాను. ఎడమ చెంప బాగా నల్లబడింది, కుడి చెంప అంతగా లేదు. ఎడమ ముంజేయి కూడా కుడిదానికంటే నలుపు. లోపల ఏదో జబ్బు ఉంటే అది ఎడమ, కుడి చూసుకుని రాదు కదా. సౌదీలో స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. డ్రైవర్‌కి ఎడమ పక్క అద్దం ఉంటుంది. మన దేశంలో అయితే ఇదే మచ్చ కుడి చెంప మీద ముదిరేది.

బండి ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేస్తారు. ఎండలో ఉండే యూవీఏ అనే కిరణాన్ని అది దాదాపు ఆపేస్తుంది. పక్క అద్దం మామూలుగా ఒకే గాజు. చర్మాన్ని మంట పుట్టించే యూవీబీని అది చాలావరకు ఆపుతుంది గానీ యూవీఏని చాలా బండ్లలో బాగానే లోపలికి వదిలేస్తుంది. అందుకే కిటికీ మూసి ఏసీలో కూర్చున్న డ్రైవర్‌కి ఎండ తగిలినట్టే అనిపించదు. మంట ఉండదు, నలుపు మాత్రం ఎక్కుతుంది. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ఫొటో వచ్చింది. 28 ఏళ్ళు లారీ నడిపిన 69 ఏళ్ళ అమెరికా పెద్దాయన ముఖం. ఎడమ సగం ముడతలు పడి దళసరిగా మారింది, కుడి సగం అంతకంటే చిన్నవాడిలా ఉంది. అక్కడా స్టీరింగ్ ఎడమవైపే. ఆ ఫొటో ఫోన్‌లో చూపించాను. మా డ్రైవర్ అద్దం వైపు ఒకసారి, ఫోన్ వైపు ఒకసారి చూశాడు.

కాబట్టి నా మాట ఇది. మూడు వస్తువులు చాలు అని అందరూ చెప్తారు, నేనూ చెప్తాను. సబ్బు, తేమ నిలిపే క్రీము, సన్‌స్క్రీన్. కానీ అందరూ సబ్బుతో మొదలుపెట్టి, డబ్బు మిగిలితే సన్‌స్క్రీన్ అంటారు. ఇది తలకిందులు. డబ్బు ఒక్కదానికే ఉంటే సన్‌స్క్రీన్ కొనండి. రెండింటికి ఉంటే క్రీము చేర్చండి. సబ్బు చివర. ముఖాన్ని రోజూ నీళ్ళతో కడిగినా పెద్ద నష్టం లేదు.

"సన్‌స్క్రీన్ తెల్లవాళ్ళకి, మనకెందుకు" అనే వాళ్ళతో నాకు పెద్ద తగువు ఉంది. మన చర్మానికి ఎండ కాన్సర్ తెల్లవాళ్ళకంటే చాలా తక్కువ, అది నిజం. కానీ మంగు మనలాంటి చర్మానికే ఎక్కువ వస్తుంది. ఎండ ఆపకుండా మచ్చకు మందు రాయడం అంటే కుళాయి తెరిచి ఉంచి నేల తుడవడమే.

డబ్బా మీద ఏం చూడాలి? ఎస్‌పీఎఫ్ 30 చాలు. సరిపడా రాస్తే 30 ఉన్నది సుమారు 97 శాతం ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం. ఆ ఒక్క శాతానికి రెట్టింపు ధర ఇవ్వకండి. అయితే ఆ అంకె ముఖ్యంగా యూవీబీ గురించి చెప్తుంది. డ్రైవర్‌కి కావలసింది యూవీఏ. అందుకని 'బ్రాడ్ స్పెక్ట్రమ్' అన్న మాట, లేదా గుండ్రటి గీత లోపల యూవీఏ అన్న అక్షరాలు, లేదా పీఏ పక్కన మూడు నాలుగు ప్లస్ గుర్తులు ఉండాలి. చర్మం రంగు కలిపినది దొరికితే మంగుకి ఇంకా మంచిది. అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుగును కూడా కొంత ఆపుతుంది. ఆ వెలుగు కూడా మచ్చను ముదురుస్తుంది.

ఎంత రాయాలి? చూపుడు వేలు, మధ్య వేలు చాచి వాటి పొడవునా రెండు గీతలు పిండండి. ముఖానికీ మెడకీ అది ఒక పూట లెక్క. బఠాణీ గింజంత రాస్తే డబ్బా మీద ఉన్న అంకె అబద్ధం అయిపోతుంది. ఇక్కడే ఖర్చు వస్తుంది. మేము కొన్న 50 మిల్లీలీటర్ల ట్యూబు 35 రియాళ్ళు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అలా రాస్తే మూడు వారాలకు మించి రాదు. ట్యూబు మూడు నెలలు వచ్చిందంటే పొదుపు చేసినట్టు కాదు, రాయనట్టే.

అందుకే గుడ్డ వాడమన్నాను. గుడ్డ ఒకసారి కొంటే చాలు. ఎడమ చేతికి బిగుతుగా ఉండే పొడుగు చేతి తొడుగు, మెడ చుట్టూ ఇక్కడి అరబ్బులు తలకి కట్టుకునే గుత్రా. అప్పుడు క్రీము ముఖానికీ చెవులకీ చాలు. కంపెనీ బండి కాబట్టి అద్దానికి ఫిల్ము అంటించమని నేను చెప్పలేదు, అది వాళ్ళు ఒప్పుకోవాలి.

ఇంకో పొరపాటు కూడా ఇక్కడ విన్నాను. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయట ఎండలో పని చేయించకూడదని సౌదీలో నియమం ఉంది. మంచి నియమం. కానీ అది వేడి కోసం పెట్టినది. రియాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది సుమారు 12కే. అంటే కిరణాల లెక్కలో పొద్దున 10 నుంచి 12 వరకు ఉండే ఎండ, 12 నుంచి 2 వరకు ఉండే ఎండ ఒకటే. పొద్దున గాలి కొంచెం చల్లగా ఉందని చర్మానికి తెలియదు.

రెండోది తేమ క్రీము. (తేమ! ఎంత చిన్న మాట, ఎంత బాగుంది.) రియాద్ వేసవిలో గాలిలో తేమ పది శాతం చుట్టూ ఉంటుంది, దాని మీద రాత్రంతా ఏసీ. ఇలాంటి గాలిలో గ్లిజరిన్ మాత్రమే ఉన్న పల్చటి జెల్ చాలదు. ఉన్న నీళ్ళు ఎగిరిపోకుండా పైన మూత పెట్టే జిడ్డు కావాలి. అన్నిటికంటే చవకైన మూత పెట్రోలియం జెల్లీ. కడుక్కున్న వెంటనే, ముఖం ఇంకా తడిగా ఉండగా పలుచగా రాయాలి. పొడి చర్మం మీద రాస్తే లోపల దాచడానికి నీళ్ళు తక్కువగా ఉంటాయి. ముఖం మీద జిడ్డు నచ్చకపోతే వాసన లేని మామూలు క్రీము పెద్ద డబ్బా కొనుక్కోండి. 'రాత్రి క్రీము' అని వేరే అవసరం లేదు.

సబ్బు గురించి ఒక్క మాట. కడిగిన పది నిమిషాలకు చర్మం బిగుసుకుపోతే ఆ సబ్బు మీకు ఘాటు. గోదాములో గిన్నెల సబ్బుతో ముఖం కడిగేవాళ్ళను నేను చూశాను, అది మాత్రం మానండి.

ఇక వదిలేయగలిగినవి. టోనర్ అక్కర్లేదు. కళ్ళ కింది క్రీము అంటే చిన్న డబ్బాలో పెద్ద ధరకు అమ్మే అదే తేమ క్రీము. విటమిన్ సి సీరం చెడ్డది కాదు, కానీ వేడికి, గాలికి పాడై గోధుమరంగులోకి మారుతుంది. డైనా డాష్‌బోర్డు మీద పెట్టుకునేవాడికి అది ఎందుకు? మా వయసు ఆడవాళ్ళు చెప్పే నిమ్మరసం కూడా వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి, ఇంకా నల్లటి మచ్చ పడుతుంది.

చివరికి ఆయన జేబులోంచి ఇంకో చిన్న ట్యూబు తీశాడు. ఊరి నుంచి తెప్పించుకున్నది. "ఇది రాస్తే వారంల తెల్లగయితదమ్మా, ఆపితే మంట." చదివాను. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. మూడోది స్టెరాయిడ్. ఇండియాలో ఇది డాక్టర్ చీటీ మీద కొన్ని వారాలు మాత్రమే వాడాల్సిన మందు. ఆయన నాలుగు నెలలుగా ఫేస్ క్రీములా రాస్తున్నాడు. చెంప మీద సన్నటి ఎర్ర గీతలు, ఉండాల్సిన చోటు కాని చోట నూగు, చిన్న మొటిమలు. అప్పటిదాకా నేను అవి మంగులో భాగం అనుకున్నాను. స్టెరాయిడ్ చర్మాన్ని పలుచన చేస్తుంది, ట్రెటినాయిన్ వాడేవాళ్ళకు ఎండ ఇంకా ఎక్కువ తగులుతుంది. ఇవి రాసుకుని ఎడమ కిటికీ పక్కన రోజుకి ఎనిమిది గంటలు!

అదే రోజు మానెయ్యమని నేను చెప్పలేదు. ఇన్ని నెలల తర్వాత ఒక్కసారిగా ఆపితే ముఖం ఎర్రబడి మండిపోవచ్చు. డాక్టర్ దగ్గరకు ట్యూబుతో సహా వెళ్ళమన్నాను. ఆయన కొంచెం కొంచెంగా తగ్గించి మాన్పించారు. మీ ఇంట్లో పేరు లేని తెల్లదనం క్రీము ఉంటే ఇంకొకటి కూడా చూడండి. 'బంగారానికి తగలనివ్వకండి' అని రాసి ఉన్నా, మెర్క్యూరీ, కాలోమెల్ అన్న మాటలు ఉన్నా అందులో పాదరసం ఉంటుంది. అది మూత్రపిండాలను పాడుచేస్తుంది. దానికి ధర ఎంత తక్కువైనా చవక కాదు.

సెట్టులో సీలు విప్పని నాలుగింటిని దుకాణం వాడు వెనక్కి తీసుకోలేదు. మేము కొన్న మూడూ కలిపి 58 రియాళ్ళు. నిన్న సరుకు దించుతూ చెప్పాడు, సన్‌స్క్రీన్ ట్యూబు 22వ రోజున అయిపోయిందట. "పైసలు దండుగ అనుకుంటున్నరా?" అని అడిగాను. "దండుగ గాదమ్మా, గని గా ఎడమ చెయ్యికి తొడుగు ఏసుకుంటే గోదాముల అందరు నవ్వుతుండ్రు" అన్నాడు. మరి ఎలా అని అడిగితే, వాళ్ళలో ఇద్దరు ఎక్కడ కొన్నావని అడిగారట.